చార్జింగ్ ఎక్కుతుంది, ఫైలు మాత్రం కదలదు



హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంటే ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాలేజీ ప్రాజెక్టుల కోసం అలాంటి చోట కొనుక్కునే వస్తువుల్లో ఈఎస్పీ-32 అనే చిన్న బోర్డు ఒకటి. అరచేతిలో ఇమిడిపోతుంది. ఫోన్‌తో మోటారు ఆన్ చేయాలన్నా, గదిలో ఉష్ణోగ్రత కొలిచి ఎక్కడికో పంపాలన్నా విద్యార్థులు ముందు దాన్నే తెచ్చుకుంటారు. తెచ్చుకున్నాక చేసే మొదటి పని దాన్ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించడం. సొరుగులో చేతికి దొరికిన కేబుల్ తీసి పెడతారు. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అంతా బాగానే ఉందనిపిస్తుంది. తీరా ప్రోగ్రామ్ ఎక్కించబోతే ఆర్డ్యూయినో సాఫ్ట్‌వేర్‌లో పోర్టు అన్న వరుస ఖాళీగా ఉంటుంది.

అక్కణ్నుంచి కష్టాలు మొదలవుతాయి. డ్రైవర్ లేదేమోనని ఒకటి డౌన్‌లోడ్ చేస్తారు. అది తీసేసి ఇంకోటి వేస్తారు. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. చివరికి బోర్డే కాలిపోయిందని తేల్చుకుని షాపుకు పట్టుకెళ్తారు. షాపులో ఆయన బల్ల మీదున్న తన కేబుల్ తగిలించగానే పోర్టు కనిపిస్తుంది. బోర్డుకు ఏమీ కాలేదు. ఇంటి నుంచి తెచ్చిన కేబుల్‌లో చార్జింగ్ వైర్లు మాత్రమే ఉన్నాయి, సమాచారం మోసే వైర్లు లేవు. లైటు వెలగడానికి మొదటివి చాలు. ప్రోగ్రామ్ ఎక్కాలంటే రెండోవి కూడా ఉండాలి.

ప్రింటరు దగ్గర, కారు స్క్రీన్ దగ్గర, పెళ్లి ఫోటోలు ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే దగ్గర కూడా ఇదే జరుగుతుంది. అందుకని ఈ రెండు రకాల కేబుళ్లను చూపుతో ఎంతవరకు గుర్తుపట్టవచ్చో, చూపు చాలనప్పుడు ఏ పరీక్షతో తేల్చవచ్చో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా కేబుల్ లోపల ఏముందో తెలియాలి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో, అంటే ఇప్పటికీ ఎక్కువ ఫోన్లకు వాడే యూఎస్‌బీ-2 రకంలో, నాలుగు వైర్లు ఉంటాయి. ఎరుపు వైరులో 5 వోల్టుల కరెంటు వస్తుంది. నలుపు వైరు గుండా తిరిగి వెళ్తుంది. తెలుపు, ఆకుపచ్చ వైర్లు సమాచారం మోస్తాయి. ఈ రెండూ ఒకదానికొకటి పురి వేసినట్టు మెలితిరిగి ఉంటాయి, బయటి విద్యుత్ అలజడి సమాచారాన్ని చెడగొట్టకుండా ఆ ఏర్పాటు. చార్జింగ్ మాత్రమే చేసే కేబుల్‌లో తెలుపు, ఆకుపచ్చ ఉండవు. రెండు వైర్ల రాగి మిగిలింది, తయారీ కాస్త తేలికైంది. ట్రిమ్మర్, మెడకు వేసుకునే ఇయర్‌ఫోన్, చార్జింగ్ టార్చి, చేతిలో పట్టుకునే ఫ్యాను, పవర్ బ్యాంకు వంటి వాటి పెట్టెల్లో వచ్చే పొట్టి కేబుళ్లలో ఈ రకం తరచుగా ఉంటుంది. ఆ వస్తువులకు కంప్యూటర్‌తో పని లేదు కాబట్టి తయారీదారు చేసింది తప్పని అనలేం. చిక్కంతా ఆ కేబుల్ తన పెట్టెను వదిలి ఇంట్లో మిగతా కేబుళ్లలో కలిసిపోవడంతోనే వస్తుంది. ఆ తర్వాత దాని పుట్టుక ఎవరికీ గుర్తుండదు.

ఇక చూపు సంగతి. కంప్యూటర్‌కో చార్జర్‌కో పెట్టే దీర్ఘచతురస్రపు మొన ఉంది చూశారూ, దాన్ని ఏ-రకం ప్లగ్గు అంటారు. దాని నోటిలోకి వెలుతురులో చూస్తే ప్లాస్టిక్ నాలుక మీద బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. సక్రమమైన ప్లగ్గులో నాలుగు ఉంటాయి. అటూ ఇటూ చివర ఉన్న రెండు పట్టీలు కాస్త పొడవుగా ముందుకు వచ్చి ఉంటాయి, మధ్యలో రెండు కొంచెం వెనక్కి ఉంటాయి. ప్లగ్గు లోపలికి వెళ్లేటప్పుడు ముందు కరెంటు తగలాలి, ఆ తర్వాతే సమాచారపు దారి కలవాలి. అందుకే ఆ తేడా పెట్టారు. చివర రెండు పట్టీలే ఉండి మధ్య చోటు ఖాళీగా కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, అది చార్జింగ్ కేబులే.

నాలుగు పట్టీలు కనిపిస్తే మాత్రం ఏదీ తేలినట్టు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్లగ్గులు తయారు చేసేవారు వేరు, వైరు తయారు చేసేవారు వేరు. నాలుగు పట్టీల ప్లగ్గులు కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి రెండు వైర్ల కేబుల్‌కు కూడా అదే ప్లగ్గు అతికిస్తారు. పైన నాలుగు పట్టీలు మెరుస్తుంటాయి, లోపల మధ్య రెండింటికీ వైరే తగిలించి ఉండదు. అంటే ఈ చూపు ఒక కేబుల్‌ను పనికిరాదని పక్కన పెట్టడానికి సాయపడుతుంది గానీ, పనికొస్తుందని హామీ ఇవ్వలేదు.

హామీకి కాస్త దగ్గరగా వచ్చే గుర్తులు రెండున్నాయి. ఒకటి, ఏ-రకం ప్లగ్గులో ముందు నాలుగు పట్టీలతో పాటు లోపల ఇంకో ఐదు చిన్న పట్టీల వరుస కనిపించడం. నాలుక తరచు నీలం రంగులో ఉంటుంది. అది యూఎస్‌బీ-3 కేబుల్. వేగంగా సమాచారం పంపడానికే ఆ ఐదూ ఉన్నాయి కాబట్టి దాన్ని చార్జింగ్‌కే పరిమితమైన కేబుల్‌గా తయారు చేసే అవకాశం చాలా తక్కువ. అయితే నీలం రంగును మాత్రమే చూసి నమ్మకూడదు, పట్టీలు లెక్కపెట్టాలి.

రెండోది కేబుల్ తొడుగు మీద ఉండే అచ్చు. ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, ఈ గుర్తుల్లో నిజంగా విలువైనది ఇదే. ప్రింటర్ కేబుళ్ల మీద, హార్డ్ డిస్క్ కేబుళ్ల మీద, కొన్ని ఫోన్ కేబుళ్ల మీద సన్నటి అక్షరాలు వరుసగా అచ్చువేసి ఉంటాయి. అందులో ఇలాంటి ముక్క ఒకటి వెతకాలి:

```
28AWG/1P + 24AWG/2C
```

ఏడబ్ల్యూజీ అంటే వైరు మందాన్ని చెప్పే కొలత. అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 1P అంటే మెలితిప్పిన జంట ఒకటి ఉందని. అదే తెలుపు, ఆకుపచ్చల జంట. 2C అంటే విడివిడిగా రెండు వైర్లు, కరెంటు మోసే ఎరుపు, నలుపు. అంటే పై ముక్క చెప్పేది ఇది: సమాచారానికి సన్నటి జంట ఒకటి, కరెంటుకు వాటికన్నా లావైన వైర్లు రెండు. ఆ 1P అన్న ముక్క ఉంటే సమాచారపు వైర్లు ఉన్నట్టు. ఆ ముక్క లేకుండా 2C ఒక్కటే ఉంటే కరెంటు వైర్లే ఉన్నట్టు. అక్షరాలు అరిగిపోయినట్టుంటే ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే చదవడం తేలిక. గుడ్డ అల్లిక తొడుగున్న కేబుళ్ల మీద మాత్రం ఈ అచ్చు ఉండదు.

కేబుల్ లావు చూసి తీర్పు చెప్పేవాళ్లున్నారు. అది నమ్మదగ్గ గుర్తు కాదు. లావైన తొడుగులో రెండే వైర్లు ఉండవచ్చు, దారంలాంటి కేబుల్‌లో నాలుగూ ఉండవచ్చు. చార్జింగ్ త్వరగా అవుతోంది కాబట్టి మంచి కేబుల్, సమాచారం కూడా వెళ్తుంది అనుకోవడమూ అంతే. లావైన రెండు వైర్లు వేసిన చార్జింగ్ కేబుల్, సన్నటి నాలుగు వైర్ల కేబుల్ కన్నా చురుగ్గా చార్జ్ చేయగలదు.

చూపుతో వచ్చేది ఇంతే. మిగతాది పరీక్షతోనే తేలుతుంది. అన్నిటికన్నా సులువైన పరీక్షకు ఒక ఆండ్రాయిడ్ ఫోను, ఒక కంప్యూటరు చాలు.

కేబుల్‌ను ఫోన్‌కూ కంప్యూటర్‌కూ తగిలించాలి. ఫోన్ లాక్ తీసి, పై నుంచి నోటిఫికేషన్లు కిందికి లాగి చూడాలి. సమాచారపు వైర్లు ఉంటే చాలా ఫోన్లలో Charging this device via USB అన్న వాక్యం కనిపిస్తుంది. దాన్ని నొక్కితే File transfer అన్న ఎంపిక వస్తుంది. అది ఎంచుకోగానే కంప్యూటర్‌లో ఫోన్ పేరుతో ఒక బొమ్మ వస్తుంది, లోపల ఫోటోలు కనిపిస్తాయి. ఐఫోన్ అయితే Trust This Computer? అని అడుగుతుంది. గతంలో ఒకసారి ఒప్పుకుని ఉంటే మళ్లీ అడగదు కాబట్టి ఐఫోన్ అడగకపోయినంత మాత్రాన కేబుల్‌ను తప్పుపట్టకూడదు.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు భద్రత కోసం మొదట చార్జింగ్ ఒక్కటే ఎంచుకుని కూర్చుంటాయి. కేబుల్ మంచిదే అయినా, మనం ఎంపిక మార్చేదాకా కంప్యూటర్‌లో ఫోటోలు కనిపించవు. ఆ సంగతి తెలియక మంచి కేబుళ్లను పారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కంప్యూటర్‌లో ఫోటోలు రాలేదన్నది కాదు, ఫోన్‌లో ఆ ఎంపిక అసలు వచ్చిందా లేదా అన్నది చూడాలి.

నోటిఫికేషన్ దొరక్కపోతే ఇంకో దారి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న పేజీలోనే USB tethering అన్న మీట ఉంటుంది. ఫోన్ ఇంటర్నెట్‌ను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇచ్చే ఏర్పాటు అది. కేబుల్ తగిలించకముందు చాలా ఫోన్లలో ఆ మీట మసకగా ఉంటుంది, నొక్కినా కదలదు. సమాచారపు వైర్లున్న కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే అది వెలుగుతుంది. చార్జింగ్ కేబుల్‌తో కలిపితే బ్యాటరీ బొమ్మ మీద మెరుపు గుర్తు వస్తుంది గానీ ఈ మీట మసకగానే ఉండిపోతుంది. పెద్దవాళ్లకు ఫోన్‌లో చెప్పి చేయించాల్సి వచ్చినప్పుడు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. ఏ ఫైలూ వెతకక్కర్లేదు, ఒక మీట వెలిగిందా లేదా చెబితే చాలు. పరీక్ష చేసేటప్పుడు గోడ చార్జర్‌కు కాకుండా కంప్యూటర్‌కే తగిలించారని నిర్ధారించుకోవాలి. చార్జర్‌లో మాట్లాడే కంప్యూటర్ ఉండదు కాబట్టి అక్కడ ఏ కేబుల్ పెట్టినా మీట వెలగదు.

ఇప్పుడు ఆ ఈఎస్పీ-32 బోర్డు దగ్గరికి వద్దాం. అక్కడ ఫోన్ లేదు, స్క్రీన్ లేదు. వెలిగే లైటు కరెంటు సంగతే చెబుతుంది. మరి తప్పు కేబుల్‌దా, డ్రైవర్‌దా, బోర్డుదా? దీనికి విండోస్‌లో Device Manager తెరిచి పెట్టుకుని, దాన్ని చూస్తూ కేబుల్ తగిలించాలి. నాలుగు రకాల జవాబుల్లో ఒకటి వస్తుంది.

Ports అన్న శీర్షిక కింద కొత్త వరుస వచ్చి, చివర COM5 లాంటి పేరు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. అలా కాకుండా Other devices అన్న శీర్షిక కింద పసుపు రంగు హెచ్చరిక గుర్తుతో CP2102 వంటి పేరు వచ్చిందనుకుందాం. చూడగానే కంగారు పుడుతుంది. నిజానికి అది మంచి కబురు. సీపీ-2102 అనేది బోర్డు మీద యూఎస్‌బీ మాటలను అందుకునే చిప్పు పేరు. ఆ పేరు కంప్యూటర్‌కు తెలిసిందంటే చిప్పు తన పేరు చెప్పింది, ఆ మాట తెలుపు, ఆకుపచ్చ వైర్ల మీదుగానే వచ్చింది. కేబుల్ మంచిదే. డ్రైవర్ ఒక్కటే వేసుకోవాలి.

మూడో రకం జవాబు Unknown USB Device అని వస్తుంది. అవతల ఏదో ఉందని కంప్యూటర్‌కు తెలిసింది, పేరు అడిగితే సరైన సమాధానం రాలేదు. దీని వెనక చక్కటి ఏర్పాటు ఉంది. యూఎస్‌బీ పరికరం తాను వచ్చానని చెప్పడానికి సమాచారపు వైర్లలో ఒకదాన్ని ఒక రెసిస్టర్ ద్వారా పైకి లాగి ఉంచుతుంది. ఆ వైరు మీద వోల్టేజీ పెరగడం చూసి కంప్యూటర్ పేరు అడుగుతుంది. అడగడానికీ చెప్పడానికీ రెండు వైర్లూ కావాలి. పైకి లాగిన ఆ వైరు మిగిలి, రెండోది తెగి ఉంటే పలకరింపు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఈ మాట కనిపిస్తే కేబుల్ చార్జింగ్ రకం కాకపోవచ్చు. సమాచారపు వైర్లుండి, మడతపడే చోట ఒకటి తెగి ఉండవచ్చు, లేదా ప్లగ్గులో దుమ్ము చేరి ఉండవచ్చు. బోర్డులో లోపం ఉన్నా ఇదే మాట వస్తుంది.

నాలుగోది పూర్తి నిశ్శబ్దం. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్ టింగుమనదు, జాబితాలో ఒక్క వరుస కూడా కదలదు. చార్జింగ్ కేబుల్ ఇచ్చే జవాబు ఇదే. ఈ స్థితిలో ఎన్ని డ్రైవర్లు వేసినా ప్రయోజనం లేదు. డ్రైవర్ పని మొదలయ్యేది పలకరింపు జరిగాకే. గంటల తరబడి డ్రైవర్ల వెంట తిరిగే విద్యార్థులకు ఈ ఒక్క తేడా ముందే తెలిస్తే ఎంత సమయం మిగులుతుందో ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు.

లైనక్స్ వాడేవాళ్లు కేబుల్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఈ ఆదేశం ఇస్తే చాలు:

```
lsusb
```

రెండోసారి జాబితాలో ఒక వరుస పెరిగితే సమాచారం వెళ్తోంది. పెరగకపోతే వెళ్లడం లేదు.

పూర్తి నిశ్శబ్దం వచ్చినా వెంటనే కేబుల్ మీద ముద్ర వేయకూడదు. బోర్డు మీద ఆ చిప్పే చెడిపోయి ఉంటే కూడా ఇలాగే ఉంటుంది. అందుకని అదే కేబుల్‌ను, బాగున్న పోర్టులో, పనిచేస్తుందని తెలిసిన ఇంకో పరికరంతో చూడాలి. ఆ పరికరానికీ ఉలుకూ పలుకూ లేకపోతే తప్పు కేబుల్‌దే. రాస్ప్‌బెర్రీ పై పీకో అనే బోర్డు దగ్గరున్నవాళ్లకు ఇది మరీ తేలిక. దాని మీద BOOTSEL అని రాసి ఉన్న బొత్తాన్ని నొక్కి పట్టుకుని కేబుల్ తగిలిస్తే, ఏ డ్రైవరూ లేకుండా కంప్యూటర్‌లో RPI-RP2 అన్న పేరుతో పెన్ డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఈ పని చిప్పులో పుట్టుకతో ఉన్న ప్రోగ్రామ్ చేస్తుంది, మనం రాసిన ప్రోగ్రామ్ తప్పుగా ఉన్నా దీనికి అడ్డం రాదు. ఒక పీకో ఉంటే కాలేజీ ల్యాబులోని మైక్రో-యూఎస్‌బీ కేబుళ్ల గుత్తినంతా కాసేపట్లో రెండు కుప్పలుగా విడదీయవచ్చు.

రెండు వైపులా గుండ్రటి అంచుల చిన్న ప్లగ్గు, అంటే సి-రకం ఉన్న కేబుళ్ల సంగతి వేరు. ఆ ప్లగ్గు నోటిలో పట్టీలు కంటికి ఆనవు. రెండు వైపులా సి-రకం ఉన్న కేబుల్ కనీసం యూఎస్‌బీ-2 సమాచారమైనా మోయాలని దాని ప్రమాణం చెబుతుంది. చౌక వస్తువులతో వచ్చేవి ఆ ప్రమాణాన్ని పాటిస్తాయన్న భరోసా లేదు. వీటికి కంప్యూటర్ పరీక్షే గతి. పేరును బట్టి కూడా తేల్చలేం. యాపిల్ కంపెనీ ఐఫోన్‌తో ఇచ్చే సి-రకం కేబుల్ పేరే చార్జ్ కేబుల్, అయినా అది యూఎస్‌బీ-2 వేగంతో, అంటే సెకనుకు 480 మెగాబిట్ల దాకా, సమాచారం మోస్తుంది. పెట్టె మీద 60 వాట్లు, 100 వాట్లు అని ఉన్న అంకెలు కరెంటుకు సంబంధించినవి. వాటికీ సమాచారానికీ సంబంధం లేదు. పెట్టె మీద 480 ఎంబీపీఎస్ అనో, డేటా సింక్ అనో ఉందా అని చూడాలి.

చార్జింగ్ వేగంలో వచ్చే ఒక వింత కూడా ఈ వైర్లతో ముడిపడి ఉంది. క్విక్ చార్జ్ రెండు, మూడు తరాల చార్జర్లకు ఎన్ని వోల్టులు కావాలో ఫోన్ చెప్పేది ఆ తెలుపు, ఆకుపచ్చ వైర్ల మీదే. వాటితో చార్జింగ్ కేబుల్ వాడితే ఆ సంభాషణ జరగదు, ఫోన్ మామూలు వేగంతోనే చార్జ్ అవుతుంది. సి నుంచి సి కేబుళ్లలో పవర్ డెలివరీ అనే పద్ధతికి వేరే వైరు ఉంది, అది వీటి మీద ఆధారపడదు. అందుకే ఒకే ఫోన్ ఒక చార్జర్‌తో చురుగ్గా, ఇంకో చార్జర్‌తో నిదానంగా ఎక్కుతుంటే, కేబుల్‌ను కూడా ఒకసారి అనుమానించాలి.

చార్జింగ్ కేబుల్ దొరికిందని దాన్ని చెత్తలో వేయాల్సిన పని లేదు. బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో ఎవరిదో తెలియని యూఎస్‌బీ సాకెట్టుకు ఫోన్ తగిలించాల్సి వచ్చినప్పుడు అదే సురక్షితమైన కేబుల్. అలాంటి సాకెట్ల ద్వారా ఫోన్‌లోని సమాచారం లాగే మోసాన్ని జూస్ జాకింగ్ అంటారు. ఆర్థిక మోసాల గురించి 2022లో రిజర్వ్ బ్యాంకు విడుదల చేసిన పుస్తకంలో దీని గురించి కూడా హెచ్చరించారు. సమాచారపు వైర్లే లేని కేబుల్‌లోంచి లాగడానికి ఏ దారీ ఉండదు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు షాపు కౌంటర్ దగ్గర కంప్యూటర్ కనిపిస్తే, డబ్బు ఇవ్వకముందే మన ఫోన్‌తో ఆ టెథరింగ్ మీట వెలిగించి చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు, అర నిమిషం పని. ఇంట్లో పరీక్ష పూర్తయిన కేబుళ్లకు ఏ-రకం ప్లగ్గు దగ్గర రంగు టేపు చుట్టుకోవాలి, చార్జింగ్‌కు ఎరుపు, డేటాకు ఆకుపచ్చ. ఫోన్ వైపు చుడితే మడతలకు ఊడిపోతుంది. పరీక్షలో Unknown USB Device అని చూపించిన కేబుల్‌కు మాత్రం ఏ టేపూ చుట్టకుండా విడిగా పెట్టి, ఇంకో పరికరంతో మరోసారి చూసి, అప్పుడూ అదే మాట వస్తే దాన్ని ఈ-వ్యర్థాల్లో వేయడం మేలు.